హాస్టల్ బిల్డింగులో ఎమర్జెన్సీ లైట్లు, ఎగ్జిట్ బోర్డులు: ఎక్కడ పెట్టాలి, బ్యాటరీ ఎంతసేపు రావాలి, నెలనెలా ఎలా చూడాలి

ఎమర్జెన్సీ లైటు మీద చిన్న పచ్చ బల్బు వెలుగుతోందంటే ఛార్జర్‌కి కరెంటు అందుతోందని మాత్రమే అర్థం. లోపల బ్యాటరీ బతికుందో లేదో అది చెప్పదు. చాలా మోడళ్లలో బ్యాటరీ పూర్తిగా ఎండిపోయినా పచ్చ బల్బు హాయిగా వెలుగుతూనే ఉంటుంది. "అన్నీ బాగానే ఉన్నాయి సార్, చూడండి పచ్చగా ఉంది" అని వాచ్‌మన్ చూపించేది దాన్నే. బాగున్నాయో లేవో తెలియాలంటే కరెంటు తీసి, గడియారం పట్టుకుని, దారంతా నడిచి చూడాలి.

ఒక హాస్టల్‌ని ఉదాహరణగా తీసుకుందాం. గ్రౌండ్ మీద మూడు అంతస్తులు, ఇంటర్ పిల్లలు. ప్రతి అంతస్తులో కారిడార్ 'ఎల్' ఆకారంలో మలుపు తిరుగుతుంది. పొడుగు వైపు 18 మీటర్లు, దాని చివర మెయిన్ మెట్లు. పొట్టి వైపు 8 మీటర్లు, దాని చివర బయటి ఇనుప మెట్లు. మీది అపార్ట్‌మెంటైనా, నర్సింగ్ హోమైనా పద్ధతి ఇదే, కొలతలే మారతాయి.

ముందు దారి నడవండి

లైట్లు కొనే ముందు పై అంతస్తులో దూరపు గది తలుపు దగ్గర నిలబడి, అక్కడి నుంచి వీధి వరకు నడవండి. చేతిలో ఒక కాగితం ఉంచుకుని మలుపు, తలుపు, మెట్టు, గడప ఎక్కడెక్కడ వస్తే అక్కడ గుర్తు పెట్టండి. తర్వాత రెండో దారిలో, అంటే ఇనుప మెట్ల వైపు నుంచి కూడా అలాగే నడవండి.

ఆ నడకలో ఇనుప మెట్ల తలుపుకి తాళం కనిపిస్తే లైట్ల సంగతి పక్కన పెట్టి ముందు దాన్ని చూడండి. పిల్లలు రాత్రిపూట బయటికి పోతారని తాళం వేస్తారు, నిజమే. కానీ తాళం వేసిన తలుపు మీద వెలిగే బోర్డు పెడితే పొగలో ఉన్నవాళ్లని మనమే ఆ మూలకి తోలినట్టు. లోపలి నుంచి నెడితే తెరుచుకుని, బయటి నుంచి తెరుచుకోని పానిక్ బార్ దొరుకుతుంది. తెరిస్తే మోగే అలారం కూడా దానికి పెట్టించుకోవచ్చు. వార్డెన్‌కి తెలియకుండా ఎవరూ పోలేరు, అవసరమైతే అందరూ పోగలరు.

2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ దగ్గర మంటలు లేచాయి. ఆ పొగ మెట్ల దారిలోనే పైకి ఎక్కింది. ఎనిమిది మంది చనిపోయారు. పొగ నిండిన మెట్లలో ఎంత మంచి లైటూ దారి చూపలేదు. రెండో దారి, మెట్ల దగ్గర మూసుకునే ఫైర్ డోరు ఉన్నప్పుడే ఈ లైట్లకి అర్థం.

లైట్లు ఎక్కడ

నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం తప్పించుకునే దారి మధ్య గీత మీద, నేల దగ్గర, కనీసం 10 లక్స్ వెలుగు ఉండాలి. లైటు తగిలించాల్సిన చోట్లని కూడా అదే చెబుతుంది: దారులు కలిసే చోటు, మలుపు, బయటికి పోయే ప్రతి తలుపు, మెట్లు, నేల ఎత్తు మారే చోటు, చివరి తలుపు బయట, అలారం బటన్, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్. "దగ్గర" అంటే 2 మీటర్ల లోపు అనుకోండి. ఎత్తు నేల నుంచి కనీసం 2 మీటర్లు, కానీ అంతకంటే మరీ పైకి వద్దు. పొగ ముందు సీలింగ్ కిందే పేరుకుంటుంది, సీలింగ్‌కి అంటించిన లైటు మొదట మాయమవుతుంది.

మన హాస్టల్‌లో ఒక అంతస్తు తీసుకోండి. మెయిన్ మెట్ల తలుపు దగ్గర ఒకటి, మలుపులో ఒకటి, ఇనుప మెట్ల తలుపు దగ్గర ఒకటి. పొడుగు వైపు 18 మీటర్లు ఖాళీగా ఉండిపోయింది కాబట్టి దాని మధ్యలో ఇంకొకటి. ఇవి నాలుగు. ఎక్స్‌టింగ్విషర్ మెయిన్ మెట్ల తలుపు పక్కనే, అలారం బటన్ కారిడార్ మధ్యలో ఉంటే వాటికి వేరే లైట్లు అక్కర్లేదు.

మెట్ల దగ్గర చాలామంది ఒక్క లైటుతో సరిపెడతారు. పై ల్యాండింగ్‌లో ఒక్కటే ఉంటే దిగేవాడి వెనక నుంచి వెలుగు పడి, అతని నీడే అతను కాలు పెట్టబోయే మెట్టు మీద పడుతుంది. అందుకే ప్రతి వరస మెట్లకీ నేరుగా వెలుగు పడాలి: అంతస్తు ల్యాండింగ్‌లో ఒకటి, మధ్య ల్యాండింగ్‌లో ఒకటి. బయటి ఇనుప మెట్లకి వాన తడిసినా పాడవని రకం అంతస్తుకొకటి పెట్టండి, మధ్యలో మెట్లు మలుపు తిరిగితే అక్కడా ఒకటి. గ్రౌండ్‌లో రెండు దారుల చివరి తలుపుల బయట ఒక్కొక్కటి తప్పనిసరి. జనం ఆ గడప దగ్గరే తడబడి ఒకరి మీద ఒకరు పడేది.

రెండు తలల లైట్లు కొంటే ఆ తలల్ని కిందికి, నేల మీదికి తిప్పండి. బిగించేవాళ్లు వాటిని అలవాటుగా ఎదురుగా తిప్పి వదిలేస్తారు. చీకట్లో ఆ వెలుగు నేరుగా కళ్లలో పడితే మెట్టు అసలు కనపడదు.

బిగించడం అయ్యాక ఒక రాత్రి కారిడార్ లైట్ల ఎంసీబీ, అంటే ఆ లైనుకి కరెంటు తెంచే చిన్న స్విచ్, దించి ఎమర్జెన్సీ లైట్లు వెలిగాక లక్స్ మీటర్ నేల మీద పెట్టి చూడండి. రెండు లైట్ల మధ్య సగం దూరంలోనే వెలుగు తక్కువగా ఉంటుంది కాబట్టి అక్కడ కొలవాలి. 10 రాకపోతే ఇంకో లైటు పెట్టాలి లేదా ఎక్కువ వెలుగిచ్చేది వేయాలి. ఫోన్ యాప్‌ని నమ్మకండి, ఒకే చోట రెండు ఫోన్లు రెండు అంకెలు చూపిస్తాయి.

బోర్డులు ఎక్కడ

పచ్చ రంగు మీద తెల్లని పరుగెత్తే మనిషి, బాణం ఉన్న బోర్డు తీసుకోండి. తెలుగు, ఇంగ్లీషు రెండూ సరిగా చదవలేని వంటమనిషికి కూడా ఆ బొమ్మ తెలుస్తుంది. బోర్డు ఎప్పుడూ వెలిగే రకం ఉండాలి. లైట్లు మాత్రం కరెంటు పోయినప్పుడు వెలిగే రకమైనా చాలు.

గది తలుపు తీసి బయటికొచ్చిన పిల్లవాడికి ఎటు చూసినా ఒక బోర్డు కనపడాలి. మన కారిడార్‌లో మెయిన్ మెట్ల తలుపు పైన ఒకటి, ఇనుప మెట్ల తలుపు పైన ఒకటి. మలుపులో రెండు కావాలి. పొడుగు వైపు నుంచి వచ్చేవాడికి ఇనుప మెట్ల వైపు బాణం చూపేది ఒకటి, పొట్టి వైపు నుంచి వచ్చేవాడికి మెయిన్ మెట్ల వైపు చూపేది ఇంకొకటి. బోర్డుని తలుపు రెక్కకి కాకుండా తలుపు పైన గోడకి బిగించండి. రెక్క తెరిస్తే దాంతోపాటు బోర్డూ గోడవైపు తిరిగిపోతుంది.

లోపలి నుంచి వెలిగే బోర్డు దాని ఎత్తుకి సుమారు 200 రెట్ల దూరం నుంచి కనపడుతుందని వాడుకలో ఉన్న లెక్క. 15 సెంటీమీటర్ల బోర్డు 30 మీటర్ల వరకు పనికొస్తుంది, మన 18 మీటర్లకి అది చాలు. లోపల లైటు లేకుండా బయటి వెలుగు పడి కనిపించే బోర్డు అయితే దూరం సగం వేసుకోండి.

గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒక సంగతి మరిచిపోవద్దు. మెట్లు అక్కడ ఆగకుండా సెల్లార్‌లోకి కూడా దిగితే, పైనుంచి పరుగున వచ్చేవాళ్లు వీధి తలుపు దాటి సెల్లార్‌లోకి దిగిపోతారు. గ్రౌండ్ ల్యాండింగ్‌లో వీధి వైపు బాణంతో ఒక బోర్డు, సెల్లార్ మెట్లకి అడ్డంగా ఒక చిన్న గేటు పెట్టించండి.

చీకట్లో మెరిసే స్టిక్కర్లు చవకగా వస్తాయి. పొగ కిందికి దిగినప్పుడు మోకాళ్ల ఎత్తులో దారి చూపడానికి అవి పనికొస్తాయి కూడా. కాకపోతే అవి ముందు వెలుగు తాగాలి. కరెంటు ఆదా కోసం మనిషి కదిలితేనే వెలిగే సెన్సర్ లైట్లు పెట్టిన కారిడార్‌లో రాత్రి రెండు గంటలకి ఆ స్టిక్కరు మామూలు కాగితం ముక్కే. వెలిగే బోర్డుకి బదులుగా వాటిని లెక్కలో వేయకండి.

వైరు ఎక్కడి నుంచి లాగారు

ఎక్కువ హాస్టళ్లలో నాకు కనిపించే తప్పు ఇక్కడే. ఎమర్జెన్సీ లైటుకి ఫేజు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడి నుంచి, గది సాకెట్ నుంచో, మెయిన్ బోర్డు నుంచో లాగేస్తారు. అప్పుడు ఏమవుతుందంటే, మంట వల్ల రెండో అంతస్తు కారిడార్ లైట్ల వైరు ఒక్కటే కాలి దాని ఎంసీబీ ట్రిప్ అవుతుంది. కారిడార్ అంతా చీకటి. కానీ మెయిన్ కరెంటు ఉంది కాబట్టి ఎమర్జెన్సీ లైటు తన బ్యాటరీని కదపదు. జనరేటర్ కూడా స్టార్టవదు, ఎందుకంటే దాని ప్యానెల్‌కి కరెంటు ఉన్నట్టే కనిపిస్తుంది. "మాకు జనరేటర్ ఉందిగా" అనేవాళ్లకి చెప్పాల్సింది ఇదే.

కాబట్టి ఏ కారిడార్ లైటు ఆరితే వెలగాలో, ఆ కారిడార్ లైట్ల ఎంసీబీ నుంచే ఎమర్జెన్సీ యూనిట్‌కి ఫేజు రావాలి. అదీ గోడ స్విచ్‌కి, టైమర్‌కి, సెన్సర్‌కి ముందు నుంచి తీసుకోవాలి. స్విచ్ తర్వాత నుంచి తీసుకుంటే స్విచ్ ఆపిన ప్రతిసారీ అది కరెంటు పోయిందనుకుని వెలిగి బ్యాటరీ తాగేస్తుంది, తెల్లారేసరికి ఖాళీ. కారిడార్ లైట్లు ఇన్వర్టర్ మీద ఉంటే యూనిట్ కూడా ఇన్వర్టర్ దాటాక వచ్చే అదే లైనుకి కలపాలి.

ఇది సరిగా చేశారో లేదో చూడటం సులువు. ఎంసీబీలన్నీ ఉండే పెట్టెలో, అంటే డీబీలో, ఆ కారిడార్ లైట్ల ఎంసీబీ ఒక్కటే దించండి. ఆ అంతస్తు ఎమర్జెన్సీ లైట్లన్నీ రెప్పపాటులో వెలగాలి. వెలగనిది ఎక్కడో వేరే చోటి నుంచి కరెంటు తీసుకుంటోంది, లేదా దాని బ్యాటరీ పోయింది.

త్రీ పిన్ ప్లగ్‌తో గోడకి వేలాడే యూనిట్లు హాస్టల్‌కి పనికిరావు. వారం తిరగకముందే ఆ ప్లగ్ పీకి ఎవరో ఫోన్ ఛార్జింగ్ పెడతారు. వైరు నేరుగా కలిపించండి.

బ్యాటరీ ఎంతసేపు

నేషనల్ బిల్డింగ్ కోడ్ అడిగేది కనీసం 90 నిమిషాలు. మూడు అంతస్తులు దిగడానికి ఐదారు నిమిషాలు చాలు కదా, 90 ఎందుకని అడుగుతారు. లైటు అవసరం మనం దిగడంతో అయిపోదు. తల లెక్క పెట్టాలి, ఇద్దరు తక్కువైతే ఫైర్ సిబ్బంది మళ్లీ అదే మెట్లెక్కాలి. పైగా ఎండాకాలం రాత్రి ఎనిమిదికి గంటసేపు కరెంటు పోయి వచ్చిందనుకోండి, ఖాళీ అయిన బ్యాటరీ మళ్లీ నిండటానికి చాలా యూనిట్లకి 24 గంటల దాకా పడుతుంది. అదే రాత్రి పదింటికి ప్రమాదం జరిగితే మీ చేతిలో ఉన్నది మిగిలిన ముక్కే.

డబ్బా మీద రాసిన గంటలు కొత్త బ్యాటరీవి. లెక్క ఎలా వేయాలో చూడండి. దుకాణాల్లో దొరికే ఒక మామూలు రకంలో 6 ఓల్టుల 4.5 ఆంపియర్ అవర్ సీల్డ్ లెడ్ బ్యాటరీ ఉంటుంది. 6ని 4.5తో గుణిస్తే 27 వాట్ అవర్లు. కానీ ఆ 4.5 అనేది 20 గంటలపాటు మెల్లగా వాడితే వచ్చే అంకె. రెండు గంటల్లో పిండేస్తే అందులో మూడింట రెండు వంతులు, సుమారు 18 వాట్ అవర్లే చేతికొస్తాయి. రెండు ఎల్ఈడీ తలలు కలిపి 10 వాట్లు తీసుకుంటే 1.8 గంటలు, అంటే 108 నిమిషాలు. కొత్తగా ఉన్నప్పుడు పాస్.

వాడగా వాడగా బ్యాటరీ శక్తి 80 శాతానికి పడిపోయిందనుకోండి. 108లో 80 శాతం 86 నిమిషాలు. ఫెయిల్. బయటికి మాత్రం లైటు అంతకుముందులాగే చక్కగా వెలుగుతుంది, పచ్చ బల్బూ ఉంటుంది. అందుకే కొనేటప్పుడే 3 గంటల యూనిట్ తీసుకోండి. మనుషులు నిద్రపోయే బిల్డింగులకి బ్రిటన్‌లో అడిగేది కూడా 3 గంటలే. ధరలో తేడా ఉంటుంది కానీ బ్యాటరీ ముసలిదయ్యాక కూడా 90 నిమిషాలు దాటుతుంది.

లెడ్ బ్యాటరీకి వేడి పడదు. 25 డిగ్రీల దగ్గర నాలుగైదేళ్లు వచ్చేది, ఎప్పుడూ 35 డిగ్రీల్లో ఉంటే అందులో సగం కాలమే రావచ్చు. విజయవాడ, రామగుండం లాంటి చోట్ల పై అంతస్తులో స్లాబ్ వేడికి ఉన్న యూనిట్లు ముందు పోతాయి, గ్రౌండ్‌లోవి బాగుంటాయి. బ్యాటరీ వేసిన రోజే దాని మీద మార్కర్‌తో నెల, సంవత్సరం రాయించండి. మార్చేటప్పుడు అదే రకం, అదే ఓల్టేజీ వేయాలి. లెడ్ బ్యాటరీ ఛార్జర్‌కి ఎవరో ఇచ్చారని లిథియం సెల్స్ కలపొద్దు, దాని ఛార్జింగ్ పద్ధతి వేరు.

నెలకోసారి చేసే పరీక్ష

ప్రతి లైటుకీ, బోర్డుకీ ఒక నంబరు రాయండి. రెండో అంతస్తు మూడో లైటు అయితే 2-3. రిజిస్టర్‌లో "ఒక లైటు వెలగలేదు" అని ఉంటే ఎవరికీ ఉపయోగం లేదు, "2-3 వెలగలేదు" అని ఉండాలి.

పగటిపూట, పిల్లలు కాలేజీలో ఉన్నప్పుడు పెట్టుకోండి. ఎలక్ట్రీషియన్ డీబీ దగ్గర ఉండి కారిడార్ లైట్ల ఎంసీబీ దించుతాడు. మీరో వార్డెనో దూరపు గది దగ్గర నుంచి వీధి వరకు నడవాలి. ఒక్కో యూనిట్ కనీసం 30 సెకన్లు వెలగాలి, మీరు నడిచేసరికి అంతకంటే ఎక్కువే అవుతుంది. మెట్ల లైట్లకి వేరే ఎంసీబీ ఉంటే దాన్నీ అలాగే. యూనిట్ మీద టెస్ట్ బటన్ ఉన్నా ఎంసీబీ దించే చూడండి, బటన్ వైరింగ్‌ని పరీక్షించదు.

నడుస్తూ చూడాల్సింది వెలుగుతోందా లేదా అన్నది ఒక్కటే కాదు. వెలిగి పది సెకన్లలోనే మసకబారితే బ్యాటరీ అయిపోయింది, ఆగకుండా మార్చండి. అసలు వెలగకపోతే లోపల ఫ్యూజు, బ్యాటరీ తీగ చూడండి. కొత్త యూనిట్లలో బ్యాటరీ తీగ కలపకుండానే గోడకి బిగించేసిన సందర్భాలున్నాయి. డబ్బా ఉబ్బి మూత సరిగా మూసుకోకపోతే బ్యాటరీ ఉబ్బిందని అర్థం. బోర్డు మీద రంగు పడిందా, ర్యాంకుల ఫ్లెక్సీ అడ్డం కట్టారా, లైటుకి తువ్వాలు ఆరేశారా అన్నది కూడా రాసుకోండి. హాస్టల్‌లో బ్యాటరీ కంటే ఇవే ఎక్కువ దొరుకుతాయి.

ఎంసీబీ ఎత్తాక వెంటనే వెళ్లిపోకండి. లైట్లు ఆరి ఛార్జింగ్ గుర్తు మళ్లీ రావాలి. ఆరకుండా వెలుగుతూనే ఉన్న లైటుకి కరెంటు తిరిగి అందలేదు. అలా వదిలేస్తే సాయంత్రానికి చచ్చిపోతుంది.

రిజిస్టర్‌లో తేదీ, నంబరు, ఏం కనిపించింది, ఏం చేశారు, ఎప్పటికి బాగైంది, సంతకం. నెలకి ఒక పేజీ చాలు.

ఏడాదికోసారి 90 నిమిషాలు

పూర్తి పరీక్ష అయ్యాక బ్యాటరీలన్నీ ఖాళీగా ఉంటాయి. అందుకని అన్ని యూనిట్లకీ ఒకే రోజు పెట్టకండి. పిల్లలు ఉన్నప్పుడు చేయాల్సి వస్తే మెయిన్ మెట్ల వైపు ఒక రోజు, ఇనుప మెట్ల వైపు రెండు రోజుల తర్వాత చేయండి. అయితే ఒకే ఎంసీబీ మీద ఉంటే ఇలా విడదీయడం కుదరదు, అప్పుడు హాస్టల్ ఖాళీగా ఉన్న రోజే చేయాలి. ఇలా విడిగా దించగలిగేలా వైరింగ్ అప్పుడే రెండు సర్క్యూట్లుగా వేయించుకుంటే మంచిది.

ముందు 24 గంటలు ఛార్జింగ్ ఆగకుండా ఉండాలి. ఎంసీబీ దించి టైము రాసుకోండి. అరగంటకోసారి తిరిగి, ఏది ఎన్నో నిమిషానికి ఆరిందో నంబరుతో రాయండి. 90వ నిమిషంలో ఒకసారి లక్స్ మీటర్ పెట్టి మలుపులో, మెట్ల మీద చూడండి, వెలుగుతూనే మసకబారినవి అప్పుడు దొరుకుతాయి. మూడు గంటల యూనిట్ అయినా 95 నిమిషాలకి ఆరిపోయిందంటే పాసే, కానీ వచ్చే ఏడాది దాటదు, బ్యాటరీ ఇప్పుడే ఆర్డర్ పెట్టండి. కరెంటు ఇచ్చాక కొన్ని నిమిషాల్లోనే "ఫుల్" అని చూపించే యూనిట్‌ని అనుమానించండి. గంటన్నర ఖాళీ చేసిన బ్యాటరీ అంత త్వరగా నిండదు, అది ఛార్జి తీసుకోవడం మానేసింది.

వేసవి సెలవుల్లో హాస్టల్ మూసేటప్పుడు మెయిన్ ఆపేసి పోవడం అలవాటు. అలా చేస్తే ఆ రాత్రే లైట్లన్నీ వెలిగి, బ్యాటరీలు అడుగంటి, నెలన్నర అలాగే పడి ఉంటాయి. లెడ్ బ్యాటరీ ఆ దెబ్బకి చాలాసార్లు కోలుకోదు. కారిడార్ ఎంసీబీలకి కరెంటు ఉంచేసి పోండి, కుదరకపోతే బ్యాటరీలు నిండుగా ఉన్నప్పుడే ప్రతి యూనిట్‌లో బ్యాటరీ తీగ విడదీయించండి. జూన్‌లో పిల్లలు వచ్చే ముందు తీగలు కలిపి, ఒక రోజంతా ఛార్జింగ్ పెట్టి, ఆ తర్వాత 90 నిమిషాల పరీక్ష చేయండి. పరీక్షకీ పిల్లలు దిగే రోజుకీ మధ్య ఇంకో పూర్తి రోజు ఛార్జింగ్‌కి వదలాలి.